బ్లీచ్‌లో ‘ప్లెక్స్’ కలిపితే జుట్టు పాడవదా?

మేడమ్, నాకు 28 ఏళ్లు. మాది రాజమండ్రి, ఉద్యోగం హైదరాబాద్‌లో. రెండేళ్ల కిందట స్మూత్‌నింగ్ చేయించుకున్నాను. ఎనిమిది నెలల కిందట ఒక సెలూన్‌లో యాష్ బ్లాండ్ హైలైట్స్ అడిగితే బ్లీచ్ పెట్టారు. యాష్ రాలేదు, నారింజ రంగు వచ్చింది. అప్పటి నుంచి చివర్లు పీచులా అయ్యాయి. తడిపితే సాగుతున్నాయి, దువ్వితే ముక్కలు ముక్కలుగా తెగి భుజాల మీద రాలుతున్నాయి. నడుం దాకా ఉన్న జుట్టు కత్తిరించుకుంటూ వీపు మధ్యకు వచ్చింది. ఆన్‌లైన్‌లో బాండ్ రిపేర్ ట్యూబ్ కొని, నాలుగు నెలలుగా తలస్నానం తర్వాత కండిషనర్ బదులు రాస్తున్నాను. కాస్త మెత్తబడ్డట్టే ఉంటుంది, తెగడం మాత్రం ఆగలేదు.

మూడు నెలల్లో నా పెళ్లి. రిసెప్షన్‌కైనా ఆ యాష్ రంగు తెప్పించుకోవాలని ఆశ. సెలూన్ వాళ్లేమో ‘ఈసారి ప్లెక్స్ కలుపుతాం, 3,000 ఎక్స్‌ట్రా, డ్యామేజ్ సున్నా, 40 వాల్యూమ్ పెట్టినా ఏం కాదు’ అంటున్నారు. మా వదిన ‘అదంతా డబ్బులు గుంజే పని’ అంటోంది. అమ్మ అయితే ‘ఈ పీచు మీద పూలజడ ఎలా నిలుస్తుందే, హెన్నా పెట్టి ఆ ఎరుపు కప్పెయ్’ అని రోజూ పోరు. ప్లెక్స్ నిజంగా పనిచేస్తుందా? తెగిన బంధాలను అతికిస్తుందా? నేనిప్పుడు ఏం చేయాలి?

— పేరు వద్దు, హైదరాబాద్

*

మీ వదినగారు అన్నదాంట్లో సగం నిజం ఉందమ్మా. సెలూన్ వాళ్లు చెప్పినదాంట్లో పావు వంతు ఉంది. ‘డ్యామేజ్ సున్నా’ అనే బ్లీచ్ ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు. ప్లెక్స్ అంటే వెంట్రుకలోని బంధాలను కాపాడటానికని బ్లీచ్‌లో కలిపే మందు. అది కలిపితే డ్యామేజ్ కొంత తగ్గుతుంది. ఆ ‘కొంత’ మీ జుట్టులో ఏ భాగానికి సరిపోతుంది, ఏ భాగానికి సరిపోదు అన్నదే మీరు తేల్చుకోవాల్సిన విషయం. దానికి బ్లీచ్ లోపల ఏం జరుగుతుందో కాస్త తెలియాలి. ఓపిగ్గా చదవండి, తర్వాత మీ జుట్టు దగ్గరికే వస్తాను.

వెంట్రుక అంటే కెరటిన్ అనే ప్రోటీన్ పోగులు. ఈ పోగులను ఒకదానికొకటి పట్టి ఉంచేవాటిలో గట్టివి డైసల్ఫైడ్ బంధాలు, అంటే రెండు గంధకం పరమాణువుల మధ్య ఉండే బంధాలు. తలస్నానం చేసినప్పుడు విడిపోయి, ఆరగానే మళ్లీ కలిసే హైడ్రోజన్ బంధాలు వేరే ఉన్నాయి. వాటి గురించి మనకు బెంగ లేదు. వెంట్రుక బలం, సాగి మళ్లీ వెనక్కి వచ్చే గుణం, తడిసినా తెగకుండా నిలిచే శక్తి ఎక్కువగా ఈ గంధకం బంధాల మీద ఆధారపడి ఉంటాయి.

బ్లీచ్ పౌడర్‌లో ఉండేవి పెర్‌సల్ఫేట్లు. దాన్ని డెవలపర్‌తో, అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలుపుతారు. 20 వాల్యూమ్ అంటే 6 శాతం పెరాక్సైడ్, 30 అంటే 9 శాతం, 40 అంటే 12 శాతం. ఈ మిశ్రమం బాగా క్షారంగా ఉండి వెంట్రుకను ఉబ్బిస్తుంది, లోపలికి దిగి మెలనిన్‌ను ఆక్సీకరించి రంగు పోగొడుతుంది. చిక్కు ఎక్కడంటే, దానికి మెలనిన్ ఒక్కటే కనబడదు. పక్కనే ఉన్న గంధకం బంధాలను కూడా ఆక్సీకరించేస్తుంది. మామూలు బ్లీచ్‌లో 15 నుంచి 25 శాతం గంధకం బంధాలు పోతాయని, తీవ్రంగా చేస్తే 45 శాతం దాకా పోతాయని వెంట్రుకల రసాయన శాస్త్రంలో చాలాకాలంగా చెప్పే లెక్క. జుట్టుకు సహజంగా ఉండే సన్నని నూనె పొర కూడా మొదటి బ్లీచ్‌లోనే చాలావరకు పోతుంది. చేతికి గరుకుగా తగలడం, తడిస్తే చిక్కుపడటం ఈ నూనె పొర పోయినందువల్లే ఎక్కువ.

బ్లీచ్‌లో పోయిన గంధకం బంధం మామూలుగా తెగిన బంధం లాంటిది కాదు. అది సిస్టెయిక్ ఆమ్లంగా మారిపోతుంది. ఆ రూపంలోకి వెళ్లిన గంధకం మళ్లీ గంధకంతో చేయి కలపదు. తెగిన పోగుకు ముడి వేయొచ్చు, కాలిన పోగుకు ముడి పడదు. మీరు స్మూత్‌నింగ్ చేయించుకున్నప్పుడు జరిగింది మాత్రం వేరు. అక్కడ వాడే థయోగ్లైకోలేట్ క్రీమ్ బంధాన్ని రెండు సగాలుగా విడదీస్తుంది. న్యూట్రలైజర్ వేసినప్పుడు వాటిలో చాలావరకు మళ్లీ కలుస్తాయి, కొన్ని కలవకుండా చేతులు చాచుకుని మిగిలిపోతాయి. ఈ తేడా గుర్తుంచుకుంటే ప్లెక్స్ ఎక్కడ పనికొస్తుందో తేలిగ్గా అర్థమవుతుంది.

ఈ ప్లెక్స్ సంగతి 2014లో ఒలాప్లెక్స్‌తో మొదలైంది. కాలిఫోర్నియాకు చెందిన ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు తయారుచేసిన ఆ అణువు పేరు బిస్-అమినోప్రొపైల్ డైగ్లైకాల్ డైమాలియేట్. పేరు మరిచిపోయినా ఫర్వాలేదు. దానికి రెండు వైపులా కొక్కేలుంటాయని, విడివిడిగా మిగిలిన గంధకం చేతులను చెరొకవైపు పట్టుకుని వంతెన కడుతుందని కంపెనీ చెప్పే మాట. అది విజయవంతం కాగానే మిగతా కంపెనీలూ దిగాయి. లోరియల్ స్మార్ట్‌బాండ్‌లో మాలియిక్ ఆమ్లం ఉంటుంది, ష్వార్జ్‌కాఫ్ ఫైబర్‌ప్లెక్స్‌లో సక్సినిక్ ఆమ్లం, రెడ్‌కెన్ ఇంటి వాడకపు బాండింగ్ రకాల్లో సిట్రిక్ ఆమ్లం. సిట్రిక్ ఆమ్లం అంటే నిమ్మకాయలో ఉండేదే. మరి నిమ్మకాయ పిండుకుంటే సరిపోదా అని అడక్కండి, దాని పులుపు మోతాదు మన చేతిలో ఉండదు.

ఇప్పుడు పై రెండు విషయాలూ కలిపి చూడండి. కొక్కెం పట్టుకోవాలంటే చాచిన గంధకం చేయి ఉండాలి. బ్లీచ్‌లో పోయిన బంధాల్లో ఎక్కువ భాగం సిస్టెయిక్ ఆమ్లమైపోయాయి, అక్కడ పట్టుకోవడానికి చేయి లేదు. అందుకే ‘తెగిన బంధాలను మళ్లీ అతికిస్తుంది’ అన్న ప్రకటనను నేను అక్షరాలా నమ్మను. అయినా సెలూన్లలో దీన్ని కలిపిన జుట్టు, కలపని జుట్టు కంటే తక్కువ తెగడం చూస్తూనే ఉన్నాం. దానికి మరికొన్ని కారణాలు ఉన్నాయి. ఈ రకాల్లో చాలావరకు ఆమ్లాలే కాబట్టి మిశ్రమపు క్షారగుణాన్ని కొంత తగ్గిస్తాయి, వెంట్రుక మరీ ఉబ్బకుండా ఆపుతాయి. ప్రోటీన్ పోగుల మధ్య విద్యుదావేశాలతో నిలిచే చిన్న చిన్న పట్లు కల్పిస్తాయి. వెంట్రుకలో చేరిన లోహాలను కూడా కొంత పట్టి ఉంచుతాయి.

లోహాలు ఎక్కడివి అంటారేమో. హైదరాబాద్‌లో హాస్టల్లోనో అపార్ట్‌మెంట్‌లోనో బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లతోనే తలస్నానం చేస్తుంటే, ఆ నీళ్లలోని కాల్షియం, ఇనుము కొద్దికొద్దిగా జుట్టులో చేరతాయి. పైపుల నుంచి, గీజర్ నుంచి రాగి కూడా రావచ్చు. బ్లీచ్ చేసిన జుట్టు వీటిని ఇంకా ఎక్కువ పీల్చుకుంటుంది. ఇనుము, రాగి పెరాక్సైడ్‌కు తగిలితే చాలా చురుకైన రాడికల్స్ పుడతాయి. అవి రంగు తీసే పని కంటే ప్రోటీన్‌ను తినే పని ఎక్కువ చేస్తాయి. ఫాయిల్ విప్పకముందే చేతికి వేడి తగలడం ఒక్కోసారి దీనికి గుర్తు. రెండో సిట్టింగ్‌కు వెళ్లినా వెళ్లకపోయినా, మీ ఇంట్లో బకెట్ అడుగున తెల్లటి పొర కడుతుంటే నెలకు రెండుసార్లు కీలేటింగ్ షాంపూ వాడండి. లేబుల్ మీద ఈడీటీఏ లాంటి లోహాలను పట్టే పదార్థం ఉందో లేదో చూసి తీసుకోండి. సెలూన్ వాళ్లు బ్లీచ్‌కు ముందు ఈ పని చేస్తే, ప్లెక్స్‌తో వచ్చే మేలులో కొంత భాగం 3,000 లేకుండానే వచ్చేస్తుంది. ఇది ఎవరూ చెప్పరు, ఎందుకంటే దీన్ని అమ్ముకోవడానికి పెద్దగా ఏమీ లేదు.

కాబట్టి ప్లెక్స్‌ను మరమ్మతు అనుకోకండి, జరగబోయే నష్టాన్ని తగ్గించేది అనుకోండి. బ్లీచ్ గిన్నెలో కలిపే మొదటి దశకే అసలు విలువ. కడిగాక పెట్టే రెండో దశది దాని తర్వాతి స్థానం. ఇంట్లో వాడే ట్యూబ్ ఇంకా కింద. ఇది నా అభిప్రాయం, కంపెనీలు ఒప్పుకోవు. వాళ్లు చూపించే పరీక్షలు చాలావరకు వాళ్లే చేయించినవి.

ఇక ‘ప్లెక్స్ ఉంది కదా, 40 వాల్యూమ్ పెట్టినా ఏం కాదు’ అన్న మాట. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే భయం వేసింది ఈ ఒక్క వాక్యానికే. ప్లెక్స్ కలిపితే బ్లీచ్ కాస్త నెమ్మదిస్తుంది. ఆ నెమ్మదిని పూడ్చడానికి డెవలపర్ బలం పెంచేస్తే, ఒక చేత్తో ఇచ్చింది రెండో చేత్తో లాక్కున్నట్టే. తలకు మంట పుట్టడం, చర్మం కాలడం ప్లెక్స్ ఆపలేదు. మీలాంటి జుట్టుకు, ఇప్పటికే ఒకసారి బ్లీచ్ అయిన భాగానికి 40 వాల్యూమ్ అన్నవాళ్ల కుర్చీలో కూర్చోకండి.

మీ జుట్టు లెక్క వేద్దాం. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటర్ పెరుగుతుంది. వేళ్లతో కుదుళ్ల నుంచి కొలుచుకుంటే మొదటి 8, 9 సెంటీమీటర్లు ఎనిమిది నెలల్లో వచ్చిన కొత్త జుట్టు. ఏ మందూ తగలనిది. అక్కడి నుంచి దాదాపు 24, 25 సెంటీమీటర్ల దాకా స్మూత్‌నింగ్ తర్వాత పెరిగి, బ్లీచ్ ఒక్కటే చూసిన భాగం. ఆ కింద ఉన్నదంతా స్మూత్‌నింగ్, బ్లీచ్ రెండూ చూసింది. మీరు పీచు అంటున్నది, దువ్వెనలో ముక్కలై వస్తున్నది ఎక్కువగా ఈ మూడో భాగమే. ఒకే తల మీద మూడు రకాల జుట్టు ఉంది కాబట్టి అంతటికీ ఒకే మిశ్రమం, ఒకే సమయం పెట్టడం కుదరదు. సెలూన్ వాళ్లు స్మూత్‌నింగ్ గురించి మిమ్మల్ని అడిగారా? అడగకుండా 3,000 మాట ముందు ఎత్తారంటే వాళ్ల తీరు అర్థమవుతోంది.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేయండి. హైలైట్ పడిన ఒక పొడవాటి వెంట్రుక తీసుకుని నీళ్లలో నానబెట్టండి. కొత్తగా పెరిగిన భాగంలో ఐదు సెంటీమీటర్ల ముక్కను రెండు చేతుల వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగండి. అది ఆరు, ఆరున్నర దాకా సాగి, వదలగానే వెనక్కి వచ్చేస్తే బాగున్నట్టు. ఇదే పని మధ్య భాగంలో, తర్వాత చివర్లో చేయండి. సాగి సాగి, వదిలినా వెనక్కి రాకుండా వంకరగా ఉండిపోతే లోపలి గంధకం బంధాలు బాగా పోయినట్టు. అసలు సాగకుండా టక్కున తెగితే అదీ మంచిది కాదు. నా అంచనా ప్రకారం మీ మధ్య భాగం ఫర్వాలేదనిపిస్తుంది, చివర్లు ఈ పరీక్షలో తప్పుతాయి. నా అంచనా తప్పైతే మంచిదే, అప్పుడు మీకు దారులు పెరుగుతాయి.

ట్యూబ్ గురించి ఒక మాట. మీరు వాడిన పద్ధతిలో తిరకాసు ఉంది. ఒలాప్లెక్స్ నంబర్ 3 లాంటి రకాలు షాంపూకు ముందు పెట్టేవి. తడిపి టవల్‌తో అద్దిన జుట్టుకు పట్టించి, కనీసం పది నిమిషాలు ఉంచి, తర్వాత షాంపూ, ఆ తర్వాత తప్పనిసరిగా కండిషనర్. కే18 లాంటి పెప్టైడ్ రకాలకు దీనికి పూర్తిగా వేరే వరుస: షాంపూ చేశాక కండిషనర్ పెట్టకుండా, టవల్‌తో అద్దిన జుట్టుకు రాసి నాలుగు నిమిషాలు ఆగాలి, కడగకూడదు. మీ దగ్గర ఉన్నది ఏ రకమో డబ్బా వెనక చూడండి. ఏ రకమైనా అది కండిషనర్ బదులు మాత్రం కాదు. మీరు నాలుగు నెలలు కండిషనర్ మానేయడం వల్ల కూడా చివర్లు ఒకదానికొకటి రాసుకుని, చిక్కుపడి, దువ్వెనకు తెగుతున్నాయి. మీరు చూస్తున్న తెగుడులో ఒక వంతు దీనిదే అనుకుంటున్నాను.

బ్లీచ్ అయిన వెంట్రుక పైభాగం రుణావేశంతో ఉంటుంది. మంచి కండిషనర్‌లోని ధనావేశ పదార్థాలు వెళ్లి సరిగ్గా అక్కడే అంటుకుంటాయి. లేబుల్ మీద బెహెన్‌ట్రైమోనియం, అమోడైమెథికోన్ అన్న పేర్లు మొదటి వరుసల్లో ఉంటే చాలు. ఖరీదైనది అక్కర్లేదు. తలంటుకునే రోజు ముందు రాత్రి చివర్లకు కొబ్బరినూనె రాయడం అమ్మమ్మల అలవాటే అయినా దానికి ఆధారం ఉంది. కొబ్బరినూనెలోని లారిక్ ఆమ్లం చిన్నగా, తిన్నగా ఉండే అణువు కాబట్టి వెంట్రుక లోపలికి దిగుతుంది, కడిగేటప్పుడు ప్రోటీన్ బయటికి పోకుండా తగ్గిస్తుంది. దెబ్బతిన్న జుట్టు మీద కూడా ఇది పరీక్షించి చూసిన విషయమే. మిగిలిన ట్యూబ్‌ను పారేయకండి, సరైన వరుసలో వారానికి ఒకసారి వాడండి. అయిపోయాక మళ్లీ కొనాలా అంటే, నేనైతే ఆ డబ్బు కండిషనర్ మీద పెడతాను.

ఇప్పుడు మీ ముందున్న దారులు. నేను ఒకటి ఎంచి ‘ఇదే చేయండి’ అనను, పెళ్లి మీది, జుట్టు మీది. దేని ఖర్చు ఎంతో చెబుతాను.

మొదటిది, బ్లీచ్ జోలికి పోకుండా ఉన్న నారింజ రంగును దించడం. నారింజను నీలం పడగొడుతుంది, పసుపును ఊదా. మీది నారింజ కాబట్టి నీలం పాళ్లున్న టోనర్ కానీ, ఒక డెమీ-పర్మనెంట్ బ్రౌన్ కానీ తక్కువ బలం డెవలపర్‌తో వేయించుకుంటే కారమెల్, కాఫీ మధ్య రంగు వస్తుంది. దీనికి ప్లెక్స్ అవసరం లేదు. సెలూన్‌లో అడిగినా వద్దనండి. చివర్లు ఒక జానెడు కత్తిరించుకుంటే దువ్వినప్పుడు రాలే ముక్కలు చాలావరకు ఆగుతాయి. లోపం ఏంటంటే ఆ రంగు ప్రతి తలస్నానానికీ కొద్దికొద్దిగా పోతూ ఉంటుంది. చివర్లలో ముందు పోతుంది, ఎందుకంటే అక్కడ రంగును పట్టి ఉంచే ప్రోటీనే తక్కువ. పెళ్లికి వారం పది రోజుల ముందు వేయించుకుంటే ఫొటోలకు బాగుంటుంది. యాష్ మాత్రం రాదు.

రెండోది, మీరు బ్లీచ్ చేయించుకోవాలనే అనుకుంటే చేయాల్సిన పద్ధతి. ముందు దెబ్బతిన్న చివర్లు తీయించేయాలి. బ్లీచ్ కుదుళ్ల దగ్గర కొత్తగా వచ్చిన భాగానికి, మధ్య భాగంలో నారింజ గట్టిగా ఉన్న పాయలకు మాత్రమే. కింద మిగిలిన జుట్టుకు బ్లీచ్ అంటకుండా చిక్కగా కండిషనర్ పట్టించి వేరే ఫాయిల్‌లో ఉంచాలి. డెవలపర్ 20 వాల్యూమ్ దాటకూడదు. ఇక్కడ ప్లెక్స్‌కు 3,000 ఇవ్వడం దండగ కాదు. ఇప్పటికే మందు చూసిన జుట్టు మీద వాడటానికే దానికి అర్థం ఉంది.

కానీ ఇచ్చే డబ్బుకు అది నిజంగా పడుతోందో చూసుకోండి. ఒలాప్లెక్స్ నంబర్ 1 అయితే 30 నుంచి 60 గ్రాముల పౌడర్‌కు 3.75 మిల్లీలీటర్లు కలుపుతారు. ముందు పౌడర్, డెవలపర్ కలిపి, చివర్లో దీన్ని వేయాలి. సీసాతో కొలిచే సాధనం వస్తుంది, ఉజ్జాయింపుగా ఒలకబోసేది కాదు. సీసా మీ ముందుకు తెప్పించి, మీ గిన్నెలోనే కలపమనండి, ఇందులో మొహమాటం అక్కర్లేదు. బ్లీచ్ కడిగాక నంబర్ 2 కనీసం పది నిమిషాలు, వీలైతే ఇరవై ఉంచాలి. షాంపూ బేసిన్ దగ్గర రెండు నిమిషాలు రుద్ది కడిగేస్తే దాన్ని వేసినట్టు కాదు. వేరే కంపెనీది వాడుతుంటే ఆ డబ్బా మీద కొలతలే చూడాలి, ఒకదాని మోతాదు మరోదానికి పనికిరాదు.

ఇంత చేసినా ఒక్క సిట్టింగ్‌లో మీకు వచ్చేది తేనె రంగు వరకే. సెలూన్ వాళ్ల భాషలో జుట్టు రంగును నలుపు 1, అతి లేత పసుపు 10 అని లెక్కిస్తారు. మనది ఒకటి, రెండు. బ్లీచ్ పెడుతుంటే ముందు ఎరుపు, తర్వాత నారింజ, తర్వాత పసుపు, చివరికి అరటిపండు తొక్క లోపలి రంగు వస్తుంది. యాష్ బ్లాండ్ కావాలంటే ఆ చివరి దశ దాకా, అంటే 9 వరకైనా పోవాలి, ఆ తర్వాతే పైన యాష్ టోనర్ కనిపిస్తుంది. మీకు మొదటిసారి యాష్ రాకపోవడానికి కారణం ఇదే, నారింజ మీద యాష్ వేస్తే బురద రంగు తప్ప ఏమీ రాదు. 7 దాకా పోవడానికి జుట్టు ఇచ్చే ధర ఒకటైతే, 7 నుంచి 9కి పోవడానికి ఇచ్చే ధర అంతకంటే ఎక్కువ. అందుకే మందు ఎప్పుడూ తగలని ఆరోగ్యమైన జుట్టు ఉన్న అమ్మాయి నాలుగు కారమెల్ పాయలు 20 వాల్యూమ్‌తో తీయించుకుంటాను, ప్లెక్స్ కావాలా అని అడిగితే అక్కర్లేదనే చెబుతాను. తేడా ఉంటుంది కానీ దువ్వెనకు తెలిసేంత ఉండదు.

మూడోది, మూడు నెలల్లో రెండు మూడు సిట్టింగులతో పూర్తి యాష్. ప్లెక్స్‌తో చేసినా మీ మూడో భాగం నిలవదని నా అభిప్రాయం. పూలజడ వేసేటప్పుడు సవరం పెట్టి, జడ గట్టిగా లాగి, పైన పూల బరువు వేస్తారు. జడ అల్లేటప్పుడు లాగే బలం మధ్య భాగం మీదే పడుతుంది. అప్పటికి అది కూడా మెత్తబడి ఉంటే, పెళ్లి తర్వాత జడ విప్పినప్పుడు చేతికి పాయలు రావచ్చు. రిసెప్షన్‌కు ఒక్క సాయంత్రమే ఆ రంగు కావాలంటే, యాష్ రంగు క్లిప్-ఇన్ పాయలు దొరుకుతాయి. మీ కారమెల్ జుట్టు కింద నాలుగు పెడితే ఫొటోలో ఎవరికీ తెలియదు. ఇది మీకు రాజీలా అనిపించవచ్చు. నాకైతే తెలివైన పనిలా అనిపిస్తోంది.

నాలుగోది అమ్మగారి హెన్నా. స్వచ్ఛమైన గోరింటాకు పొడి అయితే జుట్టుకు చేటు చేయదు, వెంట్రుకను ఒక పొరలా పట్టుకుని కాస్త గట్టిగా అనిపించేలా చేస్తుంది కూడా. కానీ నారింజ జుట్టు మీద అది ఎర్రటి రాగి రంగు ఇస్తుంది, నలుపు రాదు. అమ్మగారు అనుకుంటున్న ‘కప్పేయడం’ జరగాలంటే బ్లాక్ హెన్నా ప్యాకెట్ కొంటారు. వాటిలో పీపీడీ అనే డై కలిపినవి చాలా ఉన్నాయి. దానికి కొందరికి పెళ్లికి ముందు వారం కళ్లు మూసుకుపోయేంత వాపు వస్తుంది. కొన్నిటిలో లోహ లవణాలు కూడా ఉంటాయి. అలాంటి జుట్టు మీద తర్వాత ఎప్పుడైనా బ్లీచ్ పెడితే పొగలు వచ్చేంత వేడి పుట్టొచ్చు, ప్లెక్స్ దాన్ని ఆపలేదు. హెన్నా వైపు వెళ్తే ఆ జుట్టు పూర్తిగా కత్తిరింపులో పోయేదాకా బ్లీచ్ మాట మరిచిపోవాలి. ఇది అమ్మగారికి చదివి వినిపించండి.

సెలూన్ వాళ్లు మధ్యలో ‘ప్లెక్స్‌తో పాటు కెరటిన్ కూడా చేసేద్దాం’ అంటారు, నేను పందెం కాస్తాను. ఆ కెరటిన్‌కు, బాండ్ బిల్డింగ్‌కు సంబంధం లేదు. అది ఫార్మాల్డిహైడ్‌తోనో గ్లయాక్సిలిక్ ఆమ్లంతోనో, బాగా వేడి చేసిన ఇస్త్రీ పలకలతో జుట్టును తిన్నగా చేసే పని. మీ చివర్లకు ఆ వేడి తట్టుకునే స్థితి లేదు.

ఏ దారి ఎంచుకున్నా, పూలజడ వేసే ఆవిడకు ముందే మీ జుట్టు సంగతి చెప్పండి. సవరాన్ని కుదుళ్లకు దగ్గరగా, కొత్తగా వచ్చిన జుట్టు మీద పిన్నులతో బిగించమనండి. మెడ మీద జుట్టును రివర్స్‌లో దువ్వి ఉబ్బించడం వద్దనండి. మీ చివర్లు ఎలాగూ సవరం లోపలే ఉండిపోతాయి కాబట్టి అవి పొట్టిగా ఉన్నా ఎవరికీ కనిపించవు. కత్తిరించుకోవడానికి మీకున్న భయంలో సగం దీంతో తీరాలి.

రెండో దారి వైపే మనసు లాగుతుంటే, సెలూన్‌కు డబ్బు కట్టే ముందు పాయ పరీక్ష అడగండి. మెడ వెనక లోపలి వైపు, బయటికి కనబడని చోట నుంచి ఒక సన్నని పాయ కత్తిరించి ఇవ్వండి. మీకు పెట్టబోయే అదే పౌడర్, అదే 20 వాల్యూమ్, అదే ప్లెక్స్ మోతాదుతో ఫాయిల్‌లో పెట్టి, ఎంతసేపు ఉంచుతారో అంతసేపూ ఉంచి, కడిగి, ఆరబెట్టి ఇమ్మనండి. ఇంటికి తెచ్చుకుని మళ్లీ తడిపి, ముందు చెప్పినట్టు లాగి చూడండి. మధ్య భాగం సాగి వెనక్కి వస్తే పెళ్లికి కనీసం మూడు వారాల ముందుగా సిట్టింగ్ తేదీ పెట్టుకోండి, మధ్యలో కండిషనర్‌కు, చివరి టోనర్‌కు సమయం ఉంటుంది. పాయ వేళ్ల మధ్యే చితికిపోయినా, సాగి అలాగే ఉండిపోయినా మొదటి దారికి తిరిగి రండి. పరీక్ష చేయం, మాకు అనుభవం ఉంది అన్న సెలూన్ అయితే ఇంకో సెలూన్ చూసుకోండి.